దరఖాస్తు రాద్దాం – 5వ పాఠం: నెల రోజుల జబ్బుకు సెలవు చీటీ

పోయిన పాఠంలో ఒకటి రెండు రోజుల సెలవు చీటీ చూశాం. జ్వరం వచ్చింది, రాలేను, సెలవు ఇవ్వండి అని మూడు వాక్యాలు రాస్తే పని అయిపోతుంది. నెల రోజుల జబ్బు అయితే అట్ల కుదరదు. ఆ కాగితం ఫైల్లోకి పోతుంది, సెమిస్టర్ చివర హాజరు లెక్క తీసేటప్పుడు మళ్లీ బయటికొస్తుంది. అప్పుడు దాన్ని చదివేవాళ్లకు మీ ముఖం కూడా తెలియకపోవచ్చు.

ఈసారి ఒక చిత్తుప్రతిని తీసుకుని దిద్దుదాం. రాసింది నల్లగొండలో డిగ్రీ రెండో ఏడాది చదివే పిల్లవాడు అనుకోండి. ఊరు మునుగోడు మండలంలో. కామెర్లు వచ్చాయి. ఆగస్టు 4 నుంచి కాలేజీకి పోలేదు. మొదటి వారం ఊళ్లోనే పసరు తాగాడు. తగ్గకపోగా వాంతులు ఎక్కువై 11న ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చారు. 18న డిశ్చార్జి చేసి, సెప్టెంబరు 6 వరకు ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు. ఆగస్టు 20న వాళ్ల నాన్న చేత కాలేజీకి పంపాలని ఇట్ల రాశాడు:

"ప్రిన్సిపాల్ గారికి, నేను మీ కాలేజీలో చదువుతున్నాను. ఆరోగ్యం బాగాలేక చాలా రోజుల నుంచి రాలేకపోతున్నాను. మా ఇంటి పరిస్థితి మీకు తెలియదు, చాలా కష్టాల్లో ఉన్నాం. కాబట్టి నాకు సెలవు ఇచ్చి అటెండెన్స్ వేయండి. లేకపోతే నా సంవత్సరం వేస్ట్ అయితది, దానికి మీరే బాధ్యులు. కావాలంటే డాక్టర్ చీటీ తెస్తాను."

ముందు మర్యాద సంగతి. "మీరే బాధ్యులు" అన్న మాట కొట్టేయండి, అది బెదిరింపు. "అటెండెన్స్ వేయండి" అన్నది ఇంకో చిక్కు. రాని రోజులకు హాజరు వేయడం ప్రిన్సిపాల్ చేతిలో ఉండదు, అడిగితే తప్పు పని చేయమన్నట్టు ఉంటుంది. "కావాలంటే తెస్తాను" అంటే నన్ను నమ్మరా అని ఎదురడిగినట్టే. అట్లని మరీ వంగిపోయి తమ పాదపద్మాలకు అని మొదలుపెట్టాల్సిన పని కూడా లేదు. "అయ్యా" అని మొదలుపెట్టి, "సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను" అని ముగిస్తే చాలు. ఇంటి కష్టాలు నిజమే కావచ్చు, కానీ ఈ కాగితంలో అవి జబ్బును మరుగున పడేస్తున్నాయి. ఫీజు రాయితీ అడిగేటప్పుడు వాటిని రాసుకోవచ్చు.

మరి సెలవు మంజూరైతే ఏం ఒరుగుతుంది? లెక్క చూడండి. డిగ్రీలో సాధారణంగా 75 శాతం హాజరు ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే, జబ్బు చేసిందని కాగితాలతో చూపించి కండోనేషన్ ఫీజు కడితే పరీక్ష రాయనిస్తారు. సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుందాం. ఆదివారాలు, పండుగలు తీసేస్తే ఇతనికి పోయినవి 26. మిగతా 64 రోజులూ వస్తే 71 శాతం, అంటే గట్టెక్కుతాడు. ఇవిగాక ఇంకో ఆరు రోజులు ఎగ్గొట్టాడా, 58కి పడిపోతాడు. అది 64 శాతం. అప్పుడు ఎన్ని సర్టిఫికెట్లు పెట్టినా కష్టమే. సెలవు చీటీ హాజరును పెంచదు, ఆ 71 శాతానికి కారణం ఏమిటో చూపించే కాగితం అది.

కాబట్టి అసలు బలం తేదీల్లో ఉంది. "చాలా రోజుల నుంచి" అన్నది ఎవరికీ పనికిరాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాయాలి, ప్రతి తేదీకీ వెనుక ఒక కాగితం ఉండాలి. ఇతని దగ్గర ఉన్నవి చూద్దాం. డిశ్చార్జి సమ్మరీ 11 నుంచి 18 వరకే చెప్తుంది. 19 నుంచి సెప్టెంబరు 6 వరకు విశ్రాంతి అవసరమని డాక్టర్ విడిగా సర్టిఫికెట్ రాయాలి, లేదా సమ్మరీలోనే తేదీలతో రాయాలి. ఊరికే "రెస్ట్" అని రాసి వదిలేస్తే ఎన్ని రోజులో తెలియదు. డిశ్చార్జి రోజే అడిగి రాయించుకోవడం సులువు. జబ్బు పేరు, తేదీలు, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

మరి పసరు తాగిన వారం? దానికి చీటీ లేదు. చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి పాత తేదీ వేయించుకుంటారు. ఆయనకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి ఆ చీటీ చెల్లదు. పైగా ఒక దొంగ తేదీ దొరికిందంటే నిజం కాగితాల మీద కూడా అనుమానం వస్తుంది. డిశ్చార్జి సమ్మరీ మొదట్లో హిస్టరీ అని ఒక వరుస ఉంటుంది, చదవండి. చేరేటప్పుడు రోగి చెప్పింది అందులో రాస్తారు. "వారం రోజులుగా జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడటం" అని అక్కడ ఉంటే ఆ మొదటి వారానికి అదే ఆధారం. ఉన్నది ఉన్నట్టు ఒక్క వాక్యంలో చెప్పి, దాన్ని చూపించండి. తండ్రి సంతకంతో ఒక చిన్న లేఖ కూడా జతచేస్తే మంచిది.

దిద్దిన తర్వాత ఇట్ల ఉంటుంది:

తేదీ: ఆగస్టు 20
గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
(కళాశాల పేరు), నల్లగొండ.

విషయం: కామెర్ల వల్ల ఆగస్టు 4 నుంచి సెప్టెంబరు 6 వరకు సెలవు కోరుతూ.

అయ్యా,
నేను బీకాం రెండో సంవత్సరం, ఎ సెక్షన్ విద్యార్థిని. హాల్‌టికెట్ నంబరు ______. కామెర్ల వల్ల ఆగస్టు 4 నుంచి కళాశాలకు రాలేకపోయాను. మొదటి వారం ఊళ్లోనే నాటు మందు వాడాను, ఆ రోజులకు వైద్య పత్రం లేదు. జబ్బు అప్పటికే ఉన్నట్టు డిశ్చార్జి సమ్మరీలో నమోదైంది. ఆగస్టు 11 నుంచి 18 వరకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స పొందాను. సెప్టెంబరు 6 వరకు విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు సూచించారు. ఆ తేదీ వరకు సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. తిరిగి చేరే రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సమర్పిస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
(సంతకం, పేరు, తండ్రి ఫోన్ నంబరు)

జతపరచినవి: డిశ్చార్జి సమ్మరీ, విశ్రాంతి సర్టిఫికెట్, రక్తపరీక్ష రిపోర్టు జిరాక్సులు, తండ్రి లేఖ.

ఇంటర్నల్ పరీక్ష పోయిందన్న సంగతి ఇందులో ఇరికించలేదు చూడండి. దానికి విడిగా ఇంకో దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే అది వేరే టేబుల్‌కు పోతుంది. జబ్బు పేరు నలుగురికీ తెలియడం ఇష్టం లేకపోతే "దీర్ఘకాలిక అనారోగ్యం" అని రాసి, సర్టిఫికెట్‌ను అంటించిన కవరులో ప్రిన్సిపాల్ పేరిట పెట్టవచ్చు. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, అడిగినప్పుడు చూపించండి. దరఖాస్తు ఇంకో కాపీ తీసుకుపోయి, ముట్టినట్టు తేదీ, ముద్ర వేయించుకోండి. ఫైల్లో కాగితం కనిపించట్లేదు అన్న మాట నవంబరులో వినిపిస్తే ఆ కాపీ ఒక్కటే దిక్కు.

మీకు అభ్యాసం: మిర్యాలగూడ విద్యార్థిని ఒకామెకు కాలు విరిగింది. జనవరి 6న కట్టు కట్టారు, ఆరు వారాల విశ్రాంతి అన్నారు. ఆమె దగ్గర ఎక్స్‌రే, ఓపీ చీటీ ఉన్నాయి, చీటీ మీద "ఫాలో అప్" అని తప్ప ఇంకేం లేదు. ఆమె దరఖాస్తు రాయండి. అంతకంటే ముందు, ఏ తేదీలకు కాగితం లేదో, దాన్ని ఎవరి దగ్గర తెచ్చుకోవాలో పక్కన రాసుకోండి. వచ్చే పాఠంలో పోయిన ఇంటర్నల్ పరీక్ష మళ్లీ పెట్టమని అడిగే దరఖాస్తు చూద్దాం.