ఆర్‌ఎస్‌ఐ 70 దాటిందని షార్ట్ కొట్టేముందు ఇది చదవండి

కంపెనీల రిజల్ట్స్ సీజన్ మళ్లీ వస్తోంది కాబట్టి ముందే రాస్తున్నాను. పోయిన సీజన్‌లో మా వీధిలో ఉండే ఒక లెక్చరర్, నన్ను అన్నా అని పిలిచే కుర్రాడు, 900 రూపాయల దగ్గర ఒక స్టాక్ ఫ్యూచర్‌ని షార్ట్ చేశాడు, అంటే పడ్డాక తక్కువకి కొందామని ముందే అమ్మాడు. లాట్ 700 షేర్లు. ఎందుకు చేశావురా అంటే డైలీ చార్ట్‌లో ఆర్‌ఎస్‌ఐ 78 ఉందన్నా, ఓవర్‌బాట్ కదా, జనం మితిమీరి కొనేశారు, ఇక పడాల్సిందే అన్నాడు. అది పడకుండా 936కి వెళ్తే, ఇప్పుడు ఆర్‌ఎస్‌ఐ 81, ఇంకా మంచి ఛాన్స్ అని రెండో లాట్ కూడా అమ్మాడు. మర్నాడు పొద్దున రిజల్ట్స్ బాగా వచ్చి స్టాక్ 1005లో ఓపెన్ అయింది. వణుకుతూ 1012లో బయటపడ్డాడు. లెక్క వేసుకోండి: మొదటి లాట్‌లో 78,400, రెండో దాంట్లో 53,200, మొత్తం 1,31,600 రూపాయలు. బ్రోకరేజీ, పన్నులు వేరే.

స్టాప్‌లాస్ పెట్టుకోవాలి, అప్పు తెచ్చి ట్రేడ్ చేయకూడదు లాంటివి మళ్లీ చెప్పను, అవి మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. "70 దాటింది కాబట్టి పడుతుంది" అనుకోవడం. నాకు తెలిసిన వాళ్లలో ఆర్‌ఎస్‌ఐ వల్ల డబ్బు పోగొట్టుకున్నవాళ్లు దాదాపు అందరూ ఈ ఒక్క వాక్యం దగ్గరే పోగొట్టుకున్నారు.

అసలు ఆర్‌ఎస్‌ఐ, అంటే రిలేటివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్, ఏం కొలుస్తుంది? 1978లో వెల్స్ వైల్డర్ అనే ఆయన దీన్ని బయటపెట్టాడు. ఆయన లెక్క 14 రోజులది. పెరిగిన రోజుల్లో ఎంత పెరిగిందో కలిపి 14తో భాగిస్తే సగటు లాభం, తగ్గిన రోజులకి అలాగే చేస్తే సగటు నష్టం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది RS.

```
RSI = 100 - 100 / (1 + RS)
```

సగటు లాభం 15 రూపాయలు, సగటు నష్టం 5 రూపాయలు అనుకోండి. RS 3, ఆర్‌ఎస్‌ఐ 75. అంటే ఈమధ్య పెరుగుదల, తరుగుదలకి మూడింతలు ఉంది. అంతే. స్టాక్ ఖరీదైపోయిందని గానీ, కొనేవాళ్లు అయిపోయారని గానీ ఆ అంకెలో ఎక్కడా లేదు. బండి స్పీడోమీటర్ 90 చూపిస్తే బండి వేగంగా పోతోందని అర్థం గానీ పెట్రోల్ అయిపోయిందని కాదు కదా.

ఇప్పుడు ఇదే స్టాక్‌ని ముందుకి నడిపిద్దాం. ధర 1000, ఆర్‌ఎస్‌ఐ 75. రేపు 12 రూపాయలు పెరిగింది, ఎల్లుండి 8 తగ్గింది, మళ్లీ 12 పెరిగింది, మళ్లీ 8 తగ్గింది, అలా పది రోజులు. వైల్డర్ పద్ధతిలో పాత సగటుని 13తో గుణించి, ఇవాళ్టిది కలిపి, 14తో భాగిస్తూ పోతారు. పదో రోజు ముగిసేసరికి సగటు లాభం 10.17, సగటు నష్టం 4.55, ఆర్‌ఎస్‌ఐ 69. మీరు ఎదురుచూసినట్టే 70 కిందికి దిగింది! ధర ఎంత? 1020. ఇండికేటర్ చల్లబడింది, షార్ట్ చేసినవాడు షేరుకి 20 రూపాయలు నష్టంలో ఉన్నాడు. ఆర్‌ఎస్‌ఐ దిగడానికి ధర పడనక్కర్లేదు, పరుగు కాస్త నెమ్మదిస్తే చాలు. మా లెక్చరర్‌కి ఇదొక్కటి తెలిసుంటే రెండో లాట్ అమ్మేవాడు కాదు.

కిందవైపు కూడా ఇదే కథ. 2020 ఫిబ్రవరి 28న నిఫ్టీ 11,201 దగ్గర ముగిసింది. అప్పటికే డైలీ ఆర్‌ఎస్‌ఐ 30 దరిదాపుల్లోకి వచ్చేసింది, ఓవర్‌సోల్డ్, అంటే మితిమీరి అమ్మేశారు, ఇక లేస్తుంది అని చాలామంది కొన్నారు. మార్చి 23న నిఫ్టీ 7,610. ఓవర్‌సోల్డ్ అన్న చోటు నుంచి ఇంకో 32 శాతం పడింది. తర్వాత లేచింది నిజమే, కానీ ఫ్యూచర్స్‌లో ఉన్నవాడికి రోజూ మార్జిన్ కట్టాలి, అప్పటిదాకా ఎవరు ఆగగలరు?

బలమైన అప్‌ట్రెండ్‌లో ఆర్‌ఎస్‌ఐ చాలావరకు 40కీ 80కీ మధ్య తిరుగుతుంది, డౌన్‌ట్రెండ్‌లో 20కీ 60కీ మధ్య. అందుకని ముందు ట్రెండ్ చూడండి, తర్వాత అంకె. పెరిగే స్టాక్‌లో 70 కన్నా 40 దగ్గర ఏం చేస్తుందో గమనించడం నాకు ఎక్కువ పనికొచ్చింది. 70, 30 కాస్త పనిచేసేది ధర ఒక పరిధిలో అటూఇటూ ఊగుతున్నప్పుడు, అదీ పరిధి పగలనంత వరకే.

ఇలా ధర ఊపుని కొలిచే మిగతా ఆసిలేటర్లకీ ఇదే జబ్బు. స్టొకాస్టిక్ చెప్పేది గత 14 రోజుల హై, లో మధ్య ఇవాళ్టి క్లోజ్ ఎక్కడుందన్నది మాత్రమే. రోజూ హై దగ్గర ముగిసే స్టాక్‌లో అది 80 పైన వారాలకి వారాలు అతుక్కుపోతుంది. రెండు మూవింగ్ యావరేజీల తేడా చూపే ఎంఏసీడీకి అసలు పైకప్పే లేదు కాబట్టి అందులో ఓవర్‌బాట్ గీత గీయడం అర్థంలేని పని. ఇక "ఆర్‌ఎస్‌ఐ, స్టొకాస్టిక్, విలియమ్స్ %R మూడూ ఓవర్‌బాట్ చూపిస్తున్నాయి" అని ధైర్యం తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. ఒకే పీరియడ్ పెడితే విలియమ్స్ %R అంటే ఫాస్ట్ స్టొకాస్టిక్ %Kలోంచి 100 తీసేయడమే. మూడూ అదే ధర నుంచి పుట్టినవి. ముగ్గురు సాక్షులు కాదు, ఒకే మనిషి మూడు చొక్కాలు మార్చి వచ్చాడు.

ఇక సీజన్‌కి జాగ్రత్తలు, గుర్తొచ్చిన వరుసలో రాసేస్తున్నా.

రిజల్ట్స్ ముందురోజు ఆర్‌ఎస్‌ఐ చూసి పొజిషన్ తీసుకోవద్దు. అది నిన్నటి దాకా జరిగిన ధరల లెక్క, రేపు పొద్దున్నే వచ్చే గ్యాప్ దానికి తెలీదు. స్టాప్‌లాస్ కూడా గ్యాప్‌కి అడ్డం పడదు.

ఆప్షన్ ప్రీమియం చార్ట్ మీద ఆర్‌ఎస్‌ఐ వేయకండి. ఇది కొత్తగా కనిపిస్తున్న పిచ్చి. మార్కెట్ కదలకపోయినా రోజులు గడిచేకొద్దీ ప్రీమియం కరుగుతుంది కాబట్టి ఆర్‌ఎస్‌ఐ కింద పడి ఉండటం అక్కడ మామూలే. 20 ఉంది, చవగ్గా దొరికిందని 18 రూపాయల కాల్ కొంటారు, ఎక్స్‌పైరీ సాయంత్రానికి అది 5 పైసలు. ఇండెక్స్ చార్ట్ చూడండి, ప్రీమియం చార్ట్ కాదు.

క్యాండిల్ ముగియకుండా రీడింగ్ నమ్మొద్దు. మధ్యాహ్నం 72 చూపించింది సాయంత్రానికి 66 అవుతుంది.

డైవర్జెన్స్ కనబడగానే దూకకండి. ధర కొత్త హై, ఆర్‌ఎస్‌ఐ కింద హై, ఇది ఒకే ట్రెండ్‌లో మూడు నాలుగుసార్లు వచ్చి పోతుంది. ధర తన ముందటి లో పగలగొట్టేదాకా ఆగండి.

నష్టం వచ్చాక 14ని 9 చేసి, 5 చేసి, మీకు కావాల్సిన సిగ్నల్ వచ్చేదాకా సెట్టింగ్ మార్చొద్దు.

ఐదు నిమిషాల చార్ట్‌లో 25 చూసి డైలీ ట్రేడ్ పెట్టొద్దు.

రోజూ అప్పర్ సర్క్యూట్ కొట్టే చిన్న స్టాక్‌లో 95 చూసి నవ్వుకోండి, ముట్టుకోకండి.

78 దగ్గర షార్ట్ చేశారా? చేశారు పో. 81 దగ్గర రెండో లాట్ వేయొద్దు. వేయొద్దు అంటే వేయొద్దు. ఆర్డర్ బటన్ నొక్కేముందు కారణం ఒక కాగితం మీద రాయండి, అందులో "70 దాటింది" తప్ప ఇంకేమీ లేకపోతే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని టీ తాగడానికి వెళ్లండి.