పసిపాపకు మంచం చేయిస్తున్నారా? ముందు పరుపు కొనండి

వడ్రంగి చేత చంటిపిల్లల మంచం చేయించేవాళ్లు చాలామంది మంచం అయ్యాక పరుపు వెతుకుతారు. ముందు పరుపే కొనండి. 120 × 60 సెం.మీ. పరుపు తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని వడ్రంగికి చూపించి, మంచం లోపలి కొలత 121 × 61 సెం.మీ. మించకుండా చేయమనండి.

మా అక్క వాళ్ల మంచం లోపల 65 సెం.మీ. వెడల్పు వచ్చింది. పరుపును ఒక పక్కకు జరిపితే రెండో పక్క 5 సెం.మీ. సందు! బిడ్డ దొర్లి అందులో ముఖం ఇరుక్కుంటే ఊపిరాడదు. తువ్వాళ్లు కుక్కడం పరిష్కారం కాదు, అవి బయటికొచ్చి ముఖం మీద పడతాయి. చివరికి పక్క చట్రాన్ని లోపలికి జరిపి బిగించాల్సి వచ్చింది. పరుపు పక్కన రెండు వేళ్లు పట్టేంత సందుంటే అది సరిపోనట్టే.

ఊచల మధ్య సందు 6 సెం.మీ. దాటకూడదు. అంతకన్నా ఎక్కువైతే కాళ్లు, నడుము జారిపోయి తల చిక్కుకుంటుంది. సరిగ్గా 6 సెం.మీ. వెడల్పున్న చెక్కముక్క పెట్టి ప్రతి సందూ చూడండి. ఊచల్ని చేత్తో పక్కకు నొక్కి మళ్లీ చూడండి, సన్న ఊచలు వంగుతాయి. చెక్క వదులుగా దూరిపోతే అక్కడ ఇంకో ఊచ వేయించాలి.