రిపోర్టు వెంట వెళ్లే ఈమెయిలు – 4వ పాఠం: ‘లెక్కలేమన్నా మారినయా?’

పోయిన పాఠంలో 46 పేజీల రిపోర్టును ఏడు భాగాలుగా విడగొట్టి, ఒక్కోదానికి పేరు పెట్టాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీ కరెంటు ఖర్చు మీద, అభ్యాసం కోసం కల్పించుకున్న రిపోర్టు అది. ఈసారి దాని వెంట వెళ్లే ఈమెయిలు రాద్దాం.

యజమాని పాత ప్రతిని చదివేశాడు. 31వ పేజీలోని పట్టికను బ్యాంకుకు కూడా ఇచ్చాడు. కొత్తది చూడగానే ఆయనకు వచ్చే అనుమానం ఒక్కటే: లెక్కలేమన్నా మారినయా? మొదటి వాక్యం దానికే జవాబు చెప్పాలి. ‘మీ సూచనల మేరకు సమగ్రంగా పునర్వ్యవస్థీకరించి’ అని మొదలుపెడితే ఆయన ఫోన్ చేసి అదే అడుగుతాడు.

అయితే ‘ఏమీ మారలేదు’ అని రాసే ముందు ఆగండి. ఒకే విషయం రెండుచోట్ల ఉంటే కలిపేస్తాం కదా, అంకె తేడా అక్కడే బయటపడుతుంది. మన రిపోర్టులో తలుపుల దగ్గర బిగించే గాలి తెరల ఖర్చు రెండు రకాలుగా ఉంది. ఒకదాన్ని తీసేశామంటే అది వరస మార్పు కాదు, సవరణ. చెప్పి తీరాలి.

విషయం: కోల్డ్ స్టోరేజీ రిపోర్టు – కొత్త వరస, ఒక అంకె సవరణ

నమస్తే సార్,

రిపోర్టులో మా సిఫార్సులేవీ మారలేదు, వాటి వరస మారింది. ఒక అంకె మాత్రం సరిచేశాం. గాలి తెరల ఖర్చు పాత 12వ పేజీలో రూ.1,80,000 అని, 38వ పేజీలో రూ.2,10,000 అని ఉంది. కొటేషన్ ప్రకారం రెండోదే సరైనది. ఇప్పుడది 4వ భాగంలో ఒక్కచోటే ఉంటుంది.

మీరు బ్యాంకుకు ఇచ్చిన పట్టిక 5వ భాగంలో, ‘పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుంది’ కింద ఉంది. అందులో ముందునుంచీ రూ.2,10,000 లెక్కే వాడాం కాబట్టి అది మారలేదు.

మీరు 1, 5 భాగాలు చూస్తే చాలు. 3వ భాగం, ‘రాత్రిపూట కంప్రెసర్ ఎందుకు ఆగడం లేదు’, మీ మెకానిక్‌కు నేరుగా పంపమంటారా? శుక్రవారంలోగా చెప్పండి.

పాత పేజీ ఏ కొత్త భాగంలోకి వెళ్లిందో చూపే పూర్తి పట్టిక ఈమెయిల్లో పెట్టలేదు. దాని చోటు రిపోర్టు చివర. ఈమెయిల్లో ఆయన వాడుకున్న పేజీ ఒక్కటే చాలు, ఫోన్‌లో ఒక చూపుకు అందాలి. కొత్త చోటును భాగం నంబరుతోనే చెప్పాం, ఎందుకంటే ఒక పేరా చేర్చినా పేజీ నంబర్లు జరుగుతాయి.

పంపే ముందు రిపోర్టులో Ctrl+F నొక్కి ‘పైన’, ‘కింద’, ‘గత పేజీ’ వెతకండి. ‘పైన చెప్పిన పట్టిక’ ఇప్పుడు రెండు భాగాల అవతల ఉండొచ్చు. అలాంటి ప్రతిచోటా భాగం నంబరు రాయండి.