పట్టుచీరల షాపులో లాయల్టీ కార్డు ఎందుకు పనిచేయడం లేదు: సమస్య - పరిష్కారం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పట్టుచీరలు అమ్మే షాపుల్లో ఇప్పుడు దాదాపు ఒకే రకం కార్డు నడుస్తోంది. ఇంత కొంటే ఇన్ని పాయింట్లు, పాయింటుకి రూపాయి. అది ఎక్కడ చెడుతుందో, ఎలా సరిచేయాలో కింద ఉంది. ఇందులోని రూపాయలు లెక్క అర్థమవడానికి వేసినవి. మీ బిల్లు పుస్తకం చూసి మీ అంకెలు వేసుకోండి.

సమస్య: కార్డున్నవాళ్ళు కూడా బేరం మానడం లేదు

లక్షణం కౌంటర్ దగ్గరే కనిపిస్తుంది. 600 పాయింట్లు బిల్లులో తీసేశాక కూడా కొనడానికి వచ్చినావిడ కదలదు. "అవి నావే కదండీ, మీరెంత తగ్గిస్తారో చెప్పండి" అంటుంది. నిజమే, అవి ఆవిడవే.

ఇదే జబ్బో కాదో ముందు తేల్చుకోండి. గత మూడు నెలల బిల్లుల్ని కార్డున్నవి, లేనివి అని రెండు కట్టలు చేయండి. పాయింట్లు వదిలేసి, ఒక్కో బిల్లు మీద చేత్తో తగ్గించింది ఎంతో రాయండి. రెండు కట్టల్లోనూ సగటు ఒకేలా ఉంటే, కార్డు మీకు బేరాన్ని తగ్గించలేదు, తగ్గింపు మీద ఇంకో తగ్గింపు చేర్చింది.

కారణం: బహుమానం రూపాయల్లో ఉంది. రూపాయికి షాపు పేరు ఉండదు. మీరు నూటికి 5 ఇస్తే ఎదురు షాపు 7 ఇస్తుంది, అక్కడితో మీ కార్డు పని అయిపోయింది. పైగా 12,000 చీర మీద మీకు మిగిలేది నూటికి 25 చొప్పున 3,000 అనుకుంటే, 600 అంటే లాభంలో అయిదో వంతు. అంత పోసినా మీ షాపు ఎలాంటిదో కొన్నావిడకు ఏమీ తెలియదు.

పరిష్కారం: ముందు మీ షాపు దేనికి నిలబడుతుందో ఒక్క వాక్యంలో రాయండి. బరంపురం పట్టు అమ్మే షాపుకి ఇలా ఉండొచ్చు: "మా దగ్గర కొన్న చీర కూతురు కట్టేదాకా నిలవాలి, అది చూసుకోవడం మా పని." ఇక కార్డులో పెట్టే ప్రతిదాన్నీ ఈ వాక్యం పక్కన పెట్టి చూడండి. స్టీలు డబ్బా, లక్కీ డ్రా, సినిమా కూపన్ దీనికి అతకవు. చీర సంరక్షణ అతుకుతుంది.

పట్టుకి ఇది నిజంగా కావాలి కూడా. ఒకే మడతలో ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటే మడత గీత దగ్గర పోగు బలహీనపడి జరీ తెగుతుంది. మూడు నాలుగు నెలలకోసారి విప్పి, నీడన గాలి తగలనిచ్చి, మడత మార్చాలి. ఉతికిన మల్లుగుడ్డలో చుట్టాలి, నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. ఇవన్నీ కొన్నవాళ్ళలో చాలామందికి తెలియవు, తెలిసినా చేయరు.

అదే 12,000 చీరకి కొత్త లెక్క చూడండి. కొన్నరోజే ఫాల్, పీకో ఉచితం: మీకు 80. మల్లుగుడ్డ సంచి: 60. ఏడాది తిరిగాక ఒకసారి రోలింగ్: 120. మధ్యలో రెండుసార్లు మడత మార్చి ఇవ్వడం సేల్స్‌మన్ ఖాళీ వేళలో పది నిమిషాల పని. మొత్తం 260. రోలింగ్‌కి అందరూ రారు కాబట్టి అసలు ఖర్చు ఇంకా తగ్గుతుంది. దీన్ని ఎదురు షాపు నూటికి ఇంత అని కొట్టలేదు.

సంచిలో ఒక చీటీ పెట్టండి: కొన్న తేదీ, జరీ ఏ రకం, అంచు ఏది (ఫొడా కుంభ అయితే ఆ మాటే రాయండి), మడత మార్చిన తేదీలకు ఖాళీ గళ్ళు. జరీ గురించి మాత్రం అబద్ధం వద్దు. వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది వేరు, రాగి తీగది వేరు, ప్లాస్టిక్‌ది వేరు. చీటీ మీద ఒకటి, చీరలో ఒకటి ఉంటే ఆ కార్డే మీ మీద సాక్ష్యం అవుతుంది.

సమస్య: కార్డు తీసుకున్నారు, మళ్ళీ రాలేదు

కారణం చాలాసార్లు గడువు. కిరాణా షాపు కార్డు చూసి పాయింట్లకు ఏడాది గడువు పెట్టేస్తారు. పట్టుచీర ఇంట్లో పెళ్ళికి కొంటారు, లేదా పెద్ద పండక్కి. బరంపురంలో బుధి ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది. యాత్రకి కొన్న ఇంటివాళ్ళు మళ్ళీ యాత్రకే వస్తే, అప్పటికి పాయింట్లు పోయి ఏడాది అయి ఉంటుంది. నమ్మకంగా తిరిగొచ్చిన మనిషికి మీరు చెప్పే మొదటి మాట "గడువు అయిపోయిందమ్మా".

పరిష్కారం: కొనుగోలుకి కాదు, చీర వయసుకి కట్టండి. నాలుగో నెల, ఎనిమిదో నెల మడత మార్పు, పన్నెండో నెల రోలింగ్. అప్పుడు కొనకుండానే షాపుకి రావడానికి ఆవిడకు కారణం ఉంటుంది. కబురు ఆవిడ మాట్లాడే భాషలో వెళ్ళాలి. కొన్నప్పుడే తెలుగా, ఒడియానా అని అడిగి రాసుకోండి, ఫోన్‌కి కబురు పంపొచ్చా అని కూడా అడగండి. చీర పట్టుకొచ్చినవాళ్ళ ముందు కొత్త సరుకు పరచొద్దని కుర్రాళ్ళకు గట్టిగా చెప్పండి. అడిగితే చూపించడం వేరు.

సమస్య: ఉచిత సేవ వల్లే గొడవలు

డిస్కౌంటుతో పోయేది డబ్బే. సేవ చెడితే పేరు పోతుంది. రోలింగ్ సాధారణంగా బయటివాళ్ళకు ఇస్తారు, గొడవలు అక్కడే పుడతాయి: చీరలు తారుమారవుతాయి, ముందే ఉన్న చిరుగు మీరే చేశారంటారు, గంజి ఎక్కువై పాత జరీ విరుగుతుంది.

చీర తీసుకునేటప్పుడు ఆవిడ ముందే బల్ల మీద పూర్తిగా విప్పండి. పల్లూ, రెండు అంచులు ఫోటో తీయండి. మరక, చిరుగు ఉంటే టోకెన్ మీద రాసి చూపించండి. టోకెన్ నంబరు గుడ్డ ముక్క మీద రాసి చీర మూలకి దారంతో కుట్టండి. పిన్ను కొట్టొద్దు, పట్టు చిరుగుతుంది. పోగు నలిగిపోయిన పాత చీరకి రోలింగ్ చేయలేమని చెప్పేయండి, మడత మార్చి ఇస్తే చాలు. ఆ ఒక్క "వద్దు" మీద వచ్చే నమ్మకం పది ఉచితాల మీద రాదు.

వారానికి ఇన్ని చీరలే అని హద్దు పెట్టండి. పెళ్ళిళ్ళ నెలల్లో రోలింగ్ ఆపేసి, ఆషాఢానికి తేదీ ఇవ్వండి. ఈ మాట కార్డు మీద ముందే అచ్చయి ఉండాలి.

పాత పాయింట్లు ఏం చేయాలి

ఒక్కసారిగా రద్దు చేయకండి. కొత్త పద్ధతిలోకి వచ్చినవాళ్ళకి కొత్తవి వేయడం ఆపి, ఉన్నవి రెండేళ్ళు వాడుకోనివ్వండి. కావాలంటే కుచ్చులు వేయించుకోవడానికి మార్చుకోవచ్చు అనండి.

ఫలితం తేలాలంటే ఫోన్ నంబరు చివర సరి అంకె ఉన్నవాళ్ళకి ముందు కొత్త పద్ధతి ఇచ్చి, బేసి అంకెవాళ్ళని పాతదాంట్లోనే ఉంచండి. చేత్తో తగ్గించిన మొత్తం, తిరిగొచ్చినవాళ్ళ సంఖ్య, ఈ రెండే పోల్చండి. పట్టులో మూడు నెలలు చూసి తీర్పు చెప్పలేం, కనీసం ఒక పూర్తి పెళ్ళిళ్ళ సీజన్ గడవాలి.

ఒక సంగతి. మీరు అమ్మేది రోజువారీ పాలిస్టర్ చీరలై, ఊళ్ళో అందరికంటే తక్కువ ధర అన్నదే మీ పేరైతే ఇదంతా మీకు వద్దు. మీకు తగ్గింపే బ్రాండు. కార్డు, పాయింట్లు తీసేసి ఆ డబ్బు ధర చీటీలోనే తగ్గించండి.