గడువు రోజుకు ముందే ఫోటోల సంగతి చూసుకోండి: ఎర్రర్ చూపకుండా ఫెయిలయ్యే అప్‌లోడ్‌లు

ఆన్‌లైన్ దరఖాస్తులో ఫోటో పెడతాం. గీత వంద శాతం దాకా పాకుతుంది, ఎర్ర అక్షరాలేమీ రావు. ఫైల్ మాత్రం అవతల చేరి ఉండదు. వారం తర్వాత ‘పత్రం జతచేయలేదు’ అని మెసేజ్ వస్తే, తప్పు ఎక్కడ జరిగిందో కూడా అర్థం కాదు. చాలాసార్లు కారణం రెండింటిలో ఒకటి: ఫైల్ ఫార్మాట్ లేదా ఫైల్ సైజు. ఒకదాన్ని సరిచేయబోతే రెండోది చెడుతుంది, అసలు చిక్కు అక్కడే.

ముందు ఫార్మాట్ సంగతి. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి, ఐఫోన్ 7, ఆ తర్వాతి మోడళ్లు మామూలుగా ఫోటోలను హెచ్‌ఈఐసీ రూపంలో దాస్తున్నాయి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఈ ఆప్షన్ ఉంది. జేపెగ్‌తో పోలిస్తే దాదాపు సగం చోటులో అదే నాణ్యత ఉంటుంది కాబట్టి ఫోన్‌కు లాభమే. కానీ ఫారాలు తీసుకునే సైట్లలో చాలావాటికి జేపెగ్, పీఎన్‌జీ మాత్రమే తెలుసు.

2020 మేలో ఇది పెద్ద ఎత్తున బయటపడింది. కోవిడ్ వల్ల అమెరికాలో కాలేజ్ బోర్డ్ అనే సంస్థ, హైస్కూల్ విద్యార్థులు రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలను ఇంటి నుంచే రాయించింది. కాగితం మీద జవాబు రాసి, ఫోటో తీసి, చివరి ఐదు నిమిషాల్లో అప్‌లోడ్ చేయొచ్చు. సైట్ తీసుకునేది జేపెగ్, పీఎన్‌జీ ఫోటోలనే. ఐఫోన్‌తో తీసిన హెచ్‌ఈఐసీ ఫోటోలను కంప్యూటర్‌కు పంపుకుని అక్కడి నుంచి పెట్టబోయిన విద్యార్థులకు పేజీ ముందుకు కదల్లేదు, టైమ్ అయిపోయింది. జవాబు రాసి ఉండి కూడా కొందరు జూన్‌లో మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది. తర్వాతి వారం నుంచి మాత్రం ఈమెయిల్‌లో పంపే వెసులుబాటు ఇచ్చారు.

‘కంప్యూటర్‌కు పంపుకుని’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఐఫోన్‌లోనే సైట్ తెరిచి ఫోటోల గ్యాలరీ నుంచి ఎంచుకుంటే, సైట్ జేపెగ్ కావాలని సరిగ్గా అడిగినప్పుడు ఫోన్ తనే మార్చి ఇస్తుంది. అదే ఫోటోను ఎయిర్‌డ్రాప్‌తో కంప్యూటర్‌కు పంపితే హెచ్‌ఈఐసీగానే వెళ్లొచ్చు. ఫోన్‌లోనే ఫైల్స్ యాప్ నుంచి ఎంచుకున్నా మారుతుందన్న నమ్మకం లేదు. ‘పోయినసారి ఇదే సైట్‌లో బాగానే ఎక్కిందే’ అని తల పట్టుకునేవాళ్లు చాలామంది దారి మార్చామని గమనించరు.

ఫైల్ పేరు చివర `.HEIC` తీసేసి `.jpg` అని టైప్ చేయడం అందరికీ ముందుగా తట్టే ఉపాయం. అది పనిచేయదు సరికదా, ఇంకా ప్రమాదం. పేరు మాత్రమే చూసే సైట్ అయితే ఫైల్‌ను తీసేసుకుంటుంది, తర్వాత పరిశీలించే అధికారి దగ్గర అది తెరుచుకోదు. మీకు మాత్రం ‘సక్సెస్’ అనే కనిపించి ఉంటుంది. అనుమానం ఉంటే ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. పిచ్చి గుర్తుల మధ్య, మొదటి వరుసలోనే `ftypheic` లాంటి మాట కనిపిస్తే అది హెచ్‌ఈఐసీ. కెమెరాతో తీసిన జేపెగ్ అయితే సాధారణంగా `JFIF` లేదా `Exif` అని ఉంటుంది. సేవ్ చేయకుండా మూసేయండి, లేదంటే ఫైల్ పాడవుతుంది. విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లు దాచే సెట్టింగ్ ఉంటే `photo.jpg` అని మీకు కనిపించేది నిజానికి `photo.jpg.heic` కావొచ్చు, అదీ చూసుకోండి.

ఇక సైజు. అప్‌లోడ్ గీత చూపేది ఫైల్ ఎంత బయల్దేరిందన్నదే. అవతల ఒప్పుకున్నారా లేదా అన్నది దానికి తెలియదు, ఎందుకంటే చాలా చోట్ల తనిఖీ ఫైల్ మొత్తం చేరాకే జరుగుతుంది. ఎన్నో సైట్ల వెనక నడిచే పీహెచ్‌పీ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లను ఎవరూ మార్చకపోతే, ఒక్కో ఫైల్‌కు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ పరిమితి ఉంటుంది. మొత్తం 8 దాటితే ఫైలే కాదు, మీరు టైప్ చేసిన పేరు, చిరునామా కూడా ప్రోగ్రామ్‌కు అందవు. దానికి ఖాళీ ఫారం వచ్చినట్టే ఉంటుంది. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఈ సందర్భం ఊహించకపోతే మీ ముందు అదే ఫారం మళ్లీ ఖాళీగా తెరుచుకుంటుంది, ఎర్రర్ ఉండదు. కాబట్టి సబ్మిట్ కొట్టగానే ఫారం ఖాళీ అయితే నెట్‌వర్క్‌ను తిట్టుకునే ముందు అన్ని ఫైళ్ల సైజులూ కూడి చూడండి.

ఇప్పుడు ఈ రెండూ ఎలా కలుస్తాయో చూద్దాం. సైట్ ‘జేపెగ్ మాత్రమే, 2 ఎంబీ లోపు’ అంది. మీ సర్టిఫికెట్ ఫోటో 4032×3024 పిక్సెళ్లు, హెచ్‌ఈఐసీలో 1.7 ఎంబీ. సైజు సరిపోయిందని నిశ్చింతగా జేపెగ్‌లోకి మారుస్తారు. మార్చగానే అది 3.2 ఎంబీ అవుతుంది! ఫార్మాట్ కుదిరింది, సైజు దాటిపోయింది. అందుకే సైజు చూడాల్సింది మార్చాక, ముందు కాదు.

దీన్ని తగ్గించడానికి క్వాలిటీ బాగా దించడం కన్నా పిక్సెళ్లు తగ్గించడమే మేలు. క్వాలిటీ మరీ దించితే అక్షరాల అంచులు చెదిరిపోతాయి, సీలు మీది రాత చదవలేం. పొడవు వైపు 2400 పిక్సెళ్లకు తగ్గిస్తే 2400×1800 అవుతుంది, అంటే మొదటిదానిలో సుమారు మూడో వంతు పిక్సెళ్లే. పై ఫోటో సుమారు 1 ఎంబీ దగ్గరికి వస్తుంది, ఏ4 కాగితం మీది మామూలు అచ్చు హాయిగా చదవొచ్చు. మ్యాక్‌లో టెర్మినల్ తెరిస్తే రెండు పనులూ ఒకే కమాండ్‌తో అవుతాయి:

```
sips -s format jpeg -Z 2400 photo.HEIC --out photo.jpg
```

ఐఫోన్‌లో అయితే ఫోటోను ఫైల్స్ యాప్‌లో సేవ్ చేసి, దాన్ని నొక్కి పట్టుకుని `Quick Actions`లో `Convert Image` ఎంచుకుంటే ఫార్మాట్, సైజు రెండూ అడుగుతుంది. ముందు ముందు తీసే ఫోటోల కోసం సెట్టింగ్స్‌లో `Camera`, అందులో `Formats`, అక్కడ `Most Compatible` పెట్టుకోండి. ఇప్పటికే తీసిన ఫోటోలు దీంతో మారవు, ఈ సంగతి మరిచి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. టైమ్ బొత్తిగా లేకపోతే ఫోటోను స్క్రీన్ నిండా తెరిచి స్క్రీన్‌షాట్ తీయండి, అది సాధారణంగా పీఎన్‌జీగా వస్తుంది. సన్నని అక్షరాలున్న పత్రానికి మాత్రం ఈ దారి వద్దు.

పరిమితిని అంచు దాకా వాడకండి. 2 ఎంబీ అంటే కొన్ని చోట్ల 20,00,000 బైట్లు, కొన్ని చోట్ల 20,97,152. మ్యాక్ ఒక లెక్కన, విండోస్ మరో లెక్కన చూపిస్తాయి. 1.8 లోపు ఉంచుకుంటే ఈ గొడవే ఉండదు.

పెట్టాక కనిపించే చిన్న బొమ్మను రుజువుగా తీసుకోవద్దు. చాలా సైట్లలో అది మీ బ్రౌజర్ మీ కంప్యూటర్‌లోని ఫైల్‌నే చూపిస్తున్నది, సర్వర్ నుంచి వచ్చింది కాదు. క్రోమ్‌లో ఆ బొమ్మ రాకుండా విరిగిన గుర్తు కనిపిస్తే హెచ్‌ఈఐసీ అయ్యే అవకాశమే ఎక్కువ. సఫారీ కొత్త వెర్షన్లు హెచ్‌ఈఐసీని కూడా చూపగలవు కాబట్టి అక్కడ ఆ సూచనా దొరకదు. సరిగ్గా తేల్చుకోవాలంటే సబ్మిట్ చేశాక లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి, సేవ్ అయిన ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసి తెరవండి, వీలైతే వేరే ఫోన్‌లో. సున్నా కేబీ ఫైల్ వచ్చినా, తెరుచుకోకపోయినా గడువు ముగిసేలోపే మళ్లీ పెట్టొచ్చు. డౌన్‌లోడ్ సౌకర్యమే లేని సైట్ అయితే ఫైల్ పేరు, అప్లికేషన్ నంబరు కనిపించే పేజీని తేదీ, సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీసి, మీరు పెట్టిన అదే జేపెగ్‌తో పాటు ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి.