పాత మేనేజర్‌కి థాంక్స్ మెయిల్ ఎలా రాయాలి?

ఉద్యోగం మారిన జూనియర్లు ఇలాంటి మెయిల్ పంపేముందు నాకు చూపిస్తుంటారు. దాదాపు అన్నీ ఒకటే పాట: "మీరు గొప్ప లీడర్ సర్, మీ దగ్గర ఎంతో నేర్చుకున్నాను." పైన పేరు మారిస్తే ఇది ఎవరికైనా సరిపోతుంది. అందుకే ఎవరి మనసుకూ తగలదు.

ముందు చిన్న పనులు. ఆఖరి రోజుతో ఆఫీస్ మెయిల్ ఆగిపోతుంది కాబట్టి ఆయన సొంత మెయిల్ ఐడీ ముందే అడిగి రాసుకోండి. రిలీవింగ్ లెటర్, ఫైనల్ సెటిల్‌మెంట్ చేతికొచ్చాకే రాయాలి. అవి పెండింగ్‌లో ఉండగా రాస్తే వాటి కోసమే అనిపిస్తుంది. వాట్సాప్ వద్దు, గుడ్‌మార్నింగ్ బొమ్మల మధ్య కొట్టుకుపోతుంది.

అసలు కష్టం ఇక్కడుంది. ఆయన ఎలాంటివారో కాదు, ఏం చేశారో రాయాలి. ఆయన లేకపోతే మీరు ఇరుక్కుపోయేవారు అనిపించే ఒక్క రోజు గుర్తు తెచ్చుకోండి. రెండు మూడు సంఘటనలు కలిపితే జాబితా అయిపోతుంది. మొన్న ఒకమ్మాయి రాసిన "ఎప్పుడూ సపోర్ట్ చేశారు" అన్న వాక్యం కొట్టించి, ఏ రోజు, ఎలా అని అడుగుతూ పోతే చివరికి ఇది వచ్చింది:

"సర్, ఆ రాత్రి నా కోడ్ వల్ల బిల్లింగ్ ఆగిపోయినప్పుడు క్లయింట్ కాల్‌లో మీరు 'రివ్యూ చేసింది నేనే, నేను గమనించలేదు' అన్నారు. మర్నాడు పక్కన కూర్చుని లాగ్‌లు ఎలా చదవాలో చూపించారు. ఇక్కడ మొన్న ఇంకో కుర్రాడికి నేనూ అలాగే చూపించాను. థాంక్స్ సర్."

ఇందులో పొగిడే మాట ఒక్కటీ లేదు. మీరు రాసినదాంట్లోంచి "గొప్ప", "అద్భుతమైన", "ఎంతో" తీసేసి చదవండి. ఏమీ మిగలకపోతే అది పొగడ్తే, మళ్లీ మొదలుపెట్టండి. చేసిన సాయాన్ని పెంచి కూడా రాయొద్దు. గంట కూర్చున్నారంటే గంటే. "మీ వల్లే ఈ స్థాయిలో ఉన్నాను" అంటే నిజం కాదని ఆయనకూ తెలుసు. ఆయన్ని ఎత్తడానికి కొత్త మేనేజర్‌ని దించడం అసలే వద్దు, ఆ మెయిల్ ఎవరి కంటపడుతుందో చెప్పలేం.

చివర "టచ్‌లో ఉందాం సర్" అని వదిలేస్తే ఎవరూ ఉండరు. ఎప్పుడు, ఎలా అన్నది రాయండి: "సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు హైదరాబాద్‌లో దిగుతాను. మీకు వీలైతే ఒక టీ తాగుదాం. కుదరకపోయినా పర్వాలేదు, అప్పుడప్పుడు ఫోన్ చేయొచ్చా?" కాదనడానికి ఆయనకు చోటుండాలి. రిఫరెన్స్ కావాలనో, ఖాళీలున్నాయా అనో అదే మెయిల్‌లో అడిగితే పైన రాసిందంతా అందుకే అన్నట్టవుతుంది. ఆ అవసరం వస్తే కొన్ని నెలలాగి విడిగా అడగండి.

పంపగానే సంక్రాంతికి వారం ముందు ఆయనకు ఫోన్ చేయాలని మొబైల్‌లో రిమైండర్ పెట్టుకోండి.