వెయ్యి మాటల చరిత్ర వ్యాసాన్ని ఐదువందలకు కోసేముందు

ఐదువందల మాటల పరిమితితో వ్యాసరచన పోటీ అని కాలేజీ నోటీసు బోర్డులో కాగితం అంటించగానే పిల్లలు ముందు వెయ్యి మాటలు రాసేస్తారు. అందులో తప్పు లేదు. మొదటి ప్రతి పొడుగ్గానే రావాలి. ప్రమాదమంతా ఇచ్చేయాల్సిన రోజుకు ముందు రాత్రి, కోత మొదలుపెట్టినప్పుడు వస్తుంది. అనంతపురంలో చరిత్ర పాఠం చెప్తూ ఇలాంటి వ్యాసాలు చాలా దిద్దాను. మంచి వాదన ఉన్న వ్యాసం కోతలో దాన్ని పోగొట్టుకుని, తేదీల పట్టికగా నా చేతికి రావడం ప్రతి ఏడూ చూస్తున్నాను. అందుకే ఒక్క వ్యాసాన్నే ముందు పెట్టుకుని, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్తాను.

ప్రశ్న ఇది: 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని కావడానికి శ్రీబాగ్ ఒడంబడిక ఎంతవరకు కారణం? శ్రీబాగ్ ఒడంబడిక అంటే రాజధాని, హైకోర్టు, విశ్వవిద్యాలయం, నీళ్ల గురించి కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో కుదుర్చుకున్న ఒప్పందం. కళ్యాణదుర్గం నుంచి వచ్చే డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి వెయ్యి మాటల్లో జవాబు రాసింది. ఉపోద్ఘాతం 120 మాటలు. 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ నుంచి మొదలైన ఉద్యమ నేపథ్యం 180. ఒడంబడిక గురించి 200. పొట్టి శ్రీరాములు దీక్ష, మరణం, రాష్ట్ర ప్రకటన 220. ఒడంబడికలోని విశ్వవిద్యాలయం, నీటి హామీలు ఏమయ్యాయన్నది 130. కర్నూలులో డేరాల కింద ఆఫీసులు పెట్టుకోవడం, హైకోర్టు గుంటూరుకు వెళ్లడం 100. ముగింపు 50.

ఆమె చేయబోయిన మొదటి కోత చూడండి. "సార్, అనంతపురం యూనివర్సిటీ పేరా తీసేస్తా. ప్రశ్న రాజధాని గురించి కదా, అది దారి తప్పింది," అంది. "తీసేయ్‌మ్మా, కానీ తీసే ముందు నీ వాదనేందో ఒక్క వాక్యంలో చెప్పు," అన్నాను. కాసేపు ఆలోచించి ఇలా చెప్పింది: ఒడంబడిక దారి చూపింది నిజమే, కానీ 1953లో రాయలసీమ నాయకుల మద్దతు లేకుండా కొత్త రాష్ట్రం నిలబడదన్న పరిస్థితే ఆ మాటను అమలు చేయించింది. మరి ఒడంబడిక ఒక్కటే చాలదని దేనితో రుజువు చేస్తావని అడిగితే, తీసేద్దామనుకున్న పేరా మీదే వేలు పెట్టింది.

ఆ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. 1937 నాటి అదే కాగితంలో విశ్వవిద్యాలయ కేంద్రాలు వాల్తేరుతోపాటు అనంతపురంలోనూ ఉండాలన్న మాట ఉంది. రాజధాని హామీ 1953లో తీరింది. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం 1981లో గానీ రాలేదు. ఒకే ఒడంబడికలోని రెండు మాటల్లో ఒకటి పదహారేళ్లకు తీరి, రెండోది నలభై నాలుగేళ్లు పట్టిందంటే, ఒడంబడికకు బయట ఇంకేదో పనిచేసి ఉండాలి. "ఎంతవరకు" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఆ పేరా పోతే మిగిలేది "ఒడంబడిక వల్లే రాజధాని వచ్చింది" అన్న చప్పటి మాట. ఆమె వాదించింది అది కానే కాదు.

కాబట్టి పెన్ను ఎత్తేముందు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. వ్యాసాన్ని మూసేసి, చూడకుండా, వాదనను ఒక వాక్యంలో విడి కాగితం మీద రాయండి. దాని కింద, ఏ ఆధారాలు లేకపోతే ఎదుటివాడు ఒప్పుకోడో అవి రాయండి. ఐదువందల మాటల్లో మూడు ఆధారాలు పడతాయి, మహా అయితే నాలుగు. తర్వాత వ్యాసం తెరిచి, ఒక్కో పేరా ఆ కాగితంలో దేనికి పనికొస్తుందో అంచున గుర్తు పెట్టండి. దేనికీ పనికిరాని పేరాలు ఎంత బాగా రాసినా పోవాల్సిందే. పేరా ప్రశ్నలోని మాటల్ని పలుకుతోందా లేదా అని చూసి తేల్చొద్దు. పైన మోసం చేసింది అదే.

ఈ లెక్కన చూస్తే పెద్ద కోత పొట్టి శ్రీరాములు దీక్ష మీద పడుతుంది. రాయడానికి మనసొప్పే భాగం అదే, కోయడానికి చేయి రానిదీ అదే. ఆయన త్యాగాన్ని తక్కువ చేయడం కాదిది. రాష్ట్రం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఆ దీక్ష జవాబు. రాజధాని కర్నూలులో ఎందుకు అన్నది వేరే ప్రశ్న. 1952 డిసెంబరు 15న ఆయన మరణించాక కేంద్రం రాష్ట్రాన్ని ప్రకటించింది, దాంతో రాజధాని ఎక్కడన్నది వెంటనే తేల్చాల్సి వచ్చింది. వాదనకు కావలసింది ఇంతే. ఆ 220 మాటలు 70కి దిగాయి. వాటిలో సగం ప్రకాశం ముఖ్యమంత్రి, అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయిన సంగతికి ఇచ్చాం, ఎందుకంటే రాయలసీమ మద్దతు అవసరమైందన్న మాటకు అది ఊతం. నేపథ్యం 180 నుంచి 40కి వచ్చింది. ఈ రెండు చోట్లే 290 మాటలు తగ్గాయి. ఒక్కో వాక్యంలో రెండేసి మాటలు గిల్లుకుంటూ కూర్చుంటే తెల్లారేదాకా ఇంత రాదు. అందుకే ముందు పేరాలు, ఆ తర్వాతే వాక్యాలు.

రెండు ఆధారాలు ఒకే పని చేస్తున్నప్పుడు ఏది ఉంచాలన్నది తర్వాతి చిక్కు. విశ్వవిద్యాలయం పక్కనే ఆమె నీళ్ల హామీ కూడా రాసింది: కృష్ణ, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమకు, నెల్లూరుకు పదేళ్లపాటు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలన్నది. మన జిల్లాలో ఎవరినడిగినా నీళ్లే ముఖ్యమంటారు, నేనూ అంటాను. అయినా ఈ వ్యాసంలో నీళ్లు పోయి విశ్వవిద్యాలయం నిలిచింది. నీళ్ల సంగతి ఎత్తితే తుంగభద్ర ఆనకట్ట 1953కే పూర్తయింది కదా అని చదివేవాడు అడుగుతాడు. దానికి సమాధానం చెప్పాలంటే ఎవరికి ఎంత వాటా, ఏ కాలువ ఎప్పుడు అని ఇంకో వంద మాటలు కావాలి. విశ్వవిద్యాలయానికి రెండు సంవత్సరాలు చెబితే చాలు. చోటు తక్కువైనప్పుడు వివరణ అడగని ఆధారమే బలమైన ఆధారం.

అయితే దానికీ ఒక ఎదురు ఉంది. 1954లోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, తిరుపతి రాయలసీమే. ఈ సంగతి మొదటి ప్రతిలో మూడు వాక్యాలుంది. కోతలో చాలామంది ఇలాంటి వాటినే మొదట లేపేస్తారు, తమ వాదనకు అడ్డమని. అడ్డమైన దాన్ని దాచినట్టు కనబడితే వ్యాసం మొత్తం మీద నమ్మకం పోతుంది. ఇక్కడ మూడు వాక్యాలు "1954లో తిరుపతికి విశ్వవిద్యాలయం దక్కినా, ఒడంబడిక పేరు పెట్టి చెప్పిన అనంతపురానికి" అన్న సగం వాక్యంగా మారాయి. ఎదురువాదాన్ని కుదించవచ్చు, పూర్తిగా తీసేయకూడదు.

ఇక వాక్యాల కోత. ఒడంబడిక పేరాలో మొదట ఇలా ఉంది:

"1937వ సంవత్సరం నవంబరు నెల 16వ తేదీన మద్రాసు నగరంలో, దేశోద్ధారకుడిగా పేరుగాంచిన కాశీనాథుని నాగేశ్వరరావు గారి నివాసమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ ప్రాంతాలకు చెందిన నాయకులు సమావేశమై, ఎన్నో విషయాల మీద సుదీర్ఘంగా చర్చించుకుని, చివరికి ఒక ఒడంబడికకు రావడం జరిగింది. ఈ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలని, రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు రాయలసీమకు ఇవ్వాలని పేర్కొనడం జరిగింది."

ఇవి 47 మాటలు. ఆమె తొందరలో దీన్ని "1937 శ్రీబాగ్ ఒడంబడిక రాజధానిని రాయలసీమకు ఇచ్చింది" అని కుదించింది. మాటలు ఆరే, కానీ సంగతి తప్పు. ఒడంబడిక రాజధానిని ఇవ్వలేదు, ఎంచుకునే హక్కు ఇచ్చింది. రాయలసీమ రాజధానిని కోరుకుంది కాబట్టే హైకోర్టు 1954లో గుంటూరుకు వెళ్లింది. "ఇచ్చింది" అని రాసేస్తే చివర్లో గుంటూరు ఎందుకు వచ్చిందో అర్థం కాదు. చివరికి నిలిచిన వాక్యం ఇది:

"1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్‌లో కుదుర్చుకున్న ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలి, ఏది కావాలో ఎంచుకునే హక్కు రాయలసీమది."

ఇరవై మాటలు. ఇంటి యజమాని పేరు పోయింది, చర్చ సుదీర్ఘమన్నది పోయింది. "కోస్తా, రాయలసీమ నాయకులు" మాత్రం ఉంది. అది రెండు ప్రాంతాలు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట కాబట్టి, ఆ మూడు మాటలు లేకపోతే ఎవరు ఎవరికి బాకీ పడ్డారో తెలియదు.

మన పిల్లల రాతలో "జరిగింది" అన్న మాట ఎక్కువ. "నిర్ణయం తీసుకోవడం జరిగింది", "ఏర్పాటు చేయడం జరిగింది". వీటిని విరిస్తే మాటలు మిగులుతాయి. కానీ విరిచేటప్పుడు ఎవరు చేశారన్నది రాయాల్సి వస్తుంది. "కర్నూలును ఎంపిక చేయడం జరిగింది" అన్నదాన్ని కుదించబోతే, ఎంపిక చేసింది ఎవరు? తెలియకపోతే పుస్తకం తెరిచి చూడండి, ఊహించి ఒక పేరు పెట్టేయకండి. ఇంకో సంగతి: "ప్రధానంగా", "కొంతవరకు", "ఒక్కటే కాదు" లాంటివి ఊరికే పడి ఉన్న మాటల్లాగా కనిపిస్తాయి. చరిత్రలో అవి కొలతలు. "ఒడంబడిక ఒక్కటే కారణం కాదు" లోంచి "ఒక్కటే" తీస్తే అర్థం తలకిందులవుతుంది. విశేషణాల్ని ఎన్నయినా తీయండి, కొలత చెప్పే మాటను తీసేముందు మాత్రం వాక్యాన్ని బయటికి చదివి చూసుకోండి. మాటల మధ్య ఖాళీలు తీసి అతికించి లెక్క తగ్గించే పద్ధతీ కొందరికి ఉంది. దిద్దేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది.

కోత అయ్యాక దెబ్బ ఎక్కడ తగిలిందో కొన్ని గుర్తులు చెప్తాయి. "అందుకే", "దీనివల్ల", "ఆ హామీ" అన్న ప్రతి చోటా ఆగి, అది చూపిస్తున్నది ఇంకా పైన ఉందా అని వెతకండి. ఈ వ్యాసంలో నేపథ్యం కుదించాక "ఈ భయాల వల్లే" అన్న మాట మిగిలిపోయింది, భయాలేవో చెప్పిన వాక్యం మాత్రం పోయింది. రాయలసీమ వాళ్లు కోస్తా పెత్తనానికి వెరిచారన్నది నాలుగు మాటల్లో తిరిగి పెట్టాల్సి వచ్చింది. పేర్లదీ అంతే. మొదటిసారి "సంజీవరెడ్డి" అని మాత్రమే వచ్చిందంటే, పూర్తి పేరు పోయిన పేరాతోపాటే వెళ్లిపోయిందన్నమాట.

తర్వాత, పాత ప్రతి చదవని వాళ్ల చేత చదివించండి. ఎలా ఉందని అడగొద్దు, బాగుందంటారు. కర్నూలు ఎందుకు రాజధాని అయిందని ఈ వ్యాసం అంటోంది, దానికి ఏ ఆధారాలు చూపింది అని అడగండి. ఆ అమ్మాయి తన రూమ్మేటు చేత చదివించింది. "ఒప్పందం ఉంది, కానీ రాయలసీమ మద్దతు కావాల్సొచ్చి దాన్ని పాటించారు, యూనివర్సిటీ విషయంలో పాటించలే" అని ఆమె చెప్పింది. అలా చెప్పగలిగితే వాదన బతికినట్టే. "1937లో ఒప్పందం, 1953లో రాష్ట్రం, 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది" అని తేదీలు వల్లించి ఉంటే, వాదనను మోసే వాక్యం ఏదో కోతలో పోయినట్టు.

అన్నీ అయ్యాక లెక్క 530 దగ్గర ఆగింది. ఆ ముప్ఫై ఎక్కడ తీయాలని అడిగితే తిరుపతి సగం వాక్యం వైపు చూసింది. డేరాల వర్ణన తీసెయ్‌మ్మా అన్నాను. కర్నూలులో వసతులు లేవని తెలపడానికి "ఆఫీసులు డేరాల్లో నడిచాయి" అన్న మూడు మాటలు చాలు.